వీడియో కాల్‌లో ఫేస్ స్వాప్ తడబడుతుంటే

సమస్య: కాల్‌లో మారిన ముఖం ఆగి ఆగి కదులుతుంది, పెదవులు మాట కంటే వెనకబడతాయి. చాలామంది వెంటనే కొత్త గ్రాఫిక్స్ కార్డు ధర అడుగుతారు. దానికి ముందు ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టి ఉందో లేదో చూడండి. బ్యాటరీ మీద నడిచేటప్పుడు కార్డు వేగం బాగా తగ్గిపోతుంది. ఆ తర్వాత కాల్ నడుస్తుండగానే ఈ కమాండ్ ఇవ్వండి.

```
nvidia-smi -l 1
```

వినియోగం 95 శాతం దాటితే కార్డుకు భారం ఎక్కువైనట్టే. ముఖాన్ని మెరుగుపరిచే ఎన్‌హాన్సర్‌ను, కాల్ యాప్‌లోని బ్యాక్‌గ్రౌండ్ బ్లర్‌ను ఆపేయండి. వినియోగం సున్నా దగ్గరే ఉంటే పని ప్రాసెసర్ మీద పడుతోందని అర్థం. ముఖం మార్చే మోడల్‌ను నడిపే `onnxruntime`ను, `onnxruntime-gpu`ను రెండింటినీ తీసేసి, రెండోదాన్ని మాత్రమే మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.

అసలు చిక్కు ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది. మిర్యాలగూడలో ఒక కుర్రవాడు తాత ఒప్పుకోలుతో ఆయన పడుచునాటి ఫోటో పెట్టి, దుబాయ్‌లోని బంధువులకు ముందే చెప్పి కాల్ చేసేవాడు. పగలు బాగుండేది, పొద్దుగూకితే తడబడేది. ఒక్కో ఫ్రేముకు ముఖం మార్చడానికి అతని కార్డుకు 25 మిల్లీసెకన్లు పడుతోంది; సెకనుకు 30 ఫ్రేములు కావాలంటే ఉన్న గడువు 33 మిల్లీసెకన్లు కాబట్టి కార్డు సరిపోవాలి. అయినా వచ్చేవి 15 ఫ్రేములే, కార్డు వినియోగం 40 శాతం లోపే. అంటే కార్డు ఖాళీగా కూర్చుని కెమెరా కోసం ఎదురుచూస్తోందన్నమాట.

వెలుతురు తగ్గినప్పుడు వెబ్‌క్యామ్ చిత్రం చీకటి కాకుండా ఎక్స్‌పోజర్ సమయాన్ని తనంతట తానే పెంచుకుంటుంది. ఒక్కో ఫ్రేముకు 62 మిల్లీసెకన్లు తీసుకునే కెమెరా సెకనుకు 16 కంటే ఎక్కువ ఫ్రేములు ఇవ్వలేదు. దాని వెనక ఎంత పెద్ద కార్డు పెట్టినా ఫలితం ఉండదు. ఫోన్ టార్చిని ముఖం మీదికి తిప్పి చూడండి. ఫ్రేముల లెక్క వెంటనే పెరిగితే దొంగ దొరికినట్టే.

పరిష్కారానికి ఓబీఎస్‌లో కెమెరా సోర్స్ తెరిచి `Configure Video` నొక్కండి. `Low Light Compensation` టిక్కు తీసి, `Exposure` పక్కనున్న `Auto` కూడా తీసి, విలువను -5 దగ్గర ఉంచండి. అది సుమారు 31 మిల్లీసెకన్లు. -4 పెడితే సమయం రెట్టింపై, మళ్లీ మొదటికే వస్తుంది. చిత్రం చీకటైతే `Gain` పెంచకుండా ముఖానికి ఎదురుగా ఒక ఎల్‌ఈడీ బల్బు పెట్టుకోండి. గెయిన్‌తో వచ్చే చుక్కల వల్ల ముఖాన్ని గుర్తించే భాగం తడబడి, మారిన ముఖం వణుకుతుంది.

రెజల్యూషన్ 1080కి పెంచితే ముఖం స్పష్టంగా వస్తుందనుకోవద్దు. ఎక్కువమంది వాడే `inswapper_128` మోడల్ ముఖాన్ని 128 పిక్సెళ్ల చతురస్రంలోనే తయారుచేస్తుంది కాబట్టి 720 చాలు.

ఫ్రేములు కుదిరాక కూడా పెదవులు కాస్త వెనకబడే ఉంటాయి. మైకును ఓబీఎస్ గుండా పంపుతుంటే `Sync Offset`లో 100 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి, చప్పట్లు కొట్టి చూసుకుంటూ సరిచేయండి. ఆలస్యం నిమిషనిమిషానికీ పెరుగుతుంటే మాత్రం ఆఫ్‌సెట్‌తో పోదు; ఫ్రేములు వరుసలో పేరుకుపోతున్నాయి, కెమెరాను 24 లేదా 20 ఫ్రేములకు తగ్గించండి. డ్రైవర్ పాడవడం, కేబుల్ చెడిపోవడం అరుదు; వాటిని చివరన చూడవచ్చు.