యాక్సిడెంట్ కేసులో 5 లక్షల కాగితం మీద సంతకం పెట్టేముందు ఇది చూడండి

ఒంగోలు, నెల్లూరు కోర్టుల దగ్గర ఈ బేరం మామూలైపోయింది. హైవే మీద మనిషి పోయిన ఇంటికి ఎవరో ఒకాయన వచ్చి "తప్పెవరిదని ఎవరూ అడగరమ్మా, 5 లక్షలు ఇప్పిస్తా, నాకింత" అంటాడు. అందులో అబద్ధం లేదు. మోటారు వాహనాల చట్టం 164 సెక్షన్ కింద చనిపోతే 5 లక్షలు, తీవ్ర గాయమైతే రెండున్నర లక్షలు, అవతలి డ్రైవర్ తప్పు నిరూపించకుండానే వస్తాయి. ఆయన చెప్పని సంగతి ఏందంటే, ఈ డబ్బుకి ఒప్పుకుంటే పూర్తి నష్టపరిహారం కోసం 166 సెక్షన్ కింద యాక్సిడెంట్ కేసుల ట్రిబ్యునల్లో వేసిన కేసు అక్కడితో రద్దయిపోద్ది.

పోయేది ఎంతో చూడండి. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో నెలకి 15,000 తెచ్చే 38 ఏళ్ల మనిషి, పర్మనెంట్ ఉద్యోగం కాదు, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆయన మీదే ఆధారం అనుకుందాం. 40 లోపు వయసు కాబట్టి ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 21,000. నలుగురు ఆధారపడినోళ్లు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 15,750, ఏడాదికి 1,89,000. ఏడాది మొత్తాన్ని ఎంతతో గుణించాలో చెప్పే అంకెని మల్టిప్లయర్ అంటారు, ఆ వయసుకి సుప్రీంకోర్టు సరళా వర్మ కేసులో పెట్టింది 15, అంటే 28,35,000. అంత్యక్రియల ఖర్చు లాంటివి దీనిపైన.

ఇక అందరూ దెబ్బతినేది రఫ్ స్కెచ్ దగ్గర. పోలీసులు స్పాట్‌లో గీసే ఆ బొమ్మలో బైక్ డివైడర్ గ్యాప్‌లోంచి అడ్డంగా వచ్చినట్టు ఉంటే ఇన్సూరెన్స్ లాయర్ దాన్నే పట్టుకుంటాడు, కోర్టు మనోడి తప్పు పాతిక శాతం అని తేలిస్తే 7,08,750 కోత పడి 21,26,250 మిగులుద్ది. అందుకే ఎఫ్ఐఆర్‌తో ఆగకుండా చార్జిషీట్, స్కెచ్, బండిని పరీక్షించిన మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్ట్ కాపీలు తీసుకుని, స్కెచ్ తప్పుగా ఉంటే కళ్లారా చూసినోళ్లని సాక్షులుగా లాయర్‌కి ముందే చెప్పండి. లైసెన్స్ లేదనో ముగ్గురు ఎక్కారనో మాత్రమే కోత పెట్టడం కుదరదు, దానివల్లే యాక్సిడెంట్ జరిగిందని చూపించాలి. బండి వెనక కూర్చున్నోళ్లకైతే నడిపినోడి తప్పు అంటగట్టరు. పూర్తిగా మనోడిదే తప్పని తేలేట్టుంటే మాత్రం అప్పుడు 164 నయమే, లాయర్‌ని అడిగి చూడండి.

ఆదాయానికి జీతం స్లిప్ లేకపోతే బ్యాంక్ పాస్‌బుక్ పెట్టండి, ఓనర్ రాసిచ్చిన కాగితం ఒక్కటే చాలదు, ఆయన కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్తేనే బలం. మిగతావి, పోస్ట్‌మార్టం రిపోర్ట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఆధార్, అందరికీ తెలిసినవే. యాక్సిడెంట్ హైదరాబాద్‌లో జరిగినా మీరుండేది కావలిలో అయితే నెల్లూరు జిల్లాలోనే వేసుకోవచ్చు. చట్టంలో గడువు 6 నెలలు రాసుంది, చార్జిషీట్ రాలేదని ఆగకుండా ఎఫ్ఐఆర్‌తోనే ముందు పిటిషన్ వేసెయ్యండి, మిగతా కాగితాలు తర్వాత ఇవ్వొచ్చు.