లిథియం ప్యాక్‌కు పాత ఛార్జర్ పెట్టవద్దు: ఎండలు ముదరకముందే చూసుకోండి

గత వారం తెల్లవారుజామున మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఛార్జింగ్‌కు పెట్టిన ఒక విద్యుత్ స్కూటర్ సీటు కింద నుంచి పొగ వచ్చింది. వాచ్‌మన్ మెయిన్ స్విచ్ ఆపి అందరినీ నిద్ర లేపి కిందికి దింపాడు కనుక, రెండు బండ్లు కాలడంతో గండం గడిచింది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద విద్యుత్ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు రేగి, పైనున్న లాడ్జిలో ఎనిమిది మంది మరణించిన సంగతి ఆ ఉదయం మా అందరి నోటా వినిపించింది.

బండిని వానలో తడపవద్దు, నాసిరకం ప్లగ్గు వాడవద్దు వంటివి అందరికీ తెలిసినవే. నేను చెప్పదలచినది ఆ ఉదయం గోడ పక్కన కనిపించిన ఛార్జర్ గురించి. దాని చీటీ మీద "లెడ్ యాసిడ్, 60 వోల్టులు" అని ఉంది. బండిలో ఉన్నది మాత్రం లిథియం ప్యాక్. మూడు నెలల క్రితం బ్యాటరీ మార్పించినప్పుడు దుకాణంలో "పిన్ను సరిపోతుంది, పాత ఛార్జరే వాడుకోండి" అన్నారట. మంటకు అదే కారణమని ఎవరూ పరీక్షించి తేల్చలేదు. అయితే ఇదే పొరపాటు వల్ల ఏడాది తిరగకుండానే పాడైన ప్యాక్‌లను నేను ఇంతకుముందు కూడా చూశాను.

రెండు బ్యాటరీల మీదా 60 వోల్టులని రాసి ఉన్నా, నిండినప్పుడు వాటి వోల్టేజీ ఒకటి కాదు. లెడ్ యాసిడ్‌లో 12 వోల్టుల బ్యాటరీలు ఐదు వరుసగా ఉంటాయి. వాటిని నింపడానికి ఛార్జర్ సుమారు 73.5 వోల్టుల దాకా వెళ్తుంది. బండ్లలో తరచుగా కనిపించే 16 సెల్‌ల లిథియం ప్యాక్ 67.2 వోల్టులకే, అంటే సెల్‌కు 4.2 వోల్టులకే నిండిపోతుంది. 73.5ను 16తో భాగిస్తే ఒక్కో సెల్‌కు దాదాపు 4.6 వోల్టులు వస్తాయి. సరైన ఛార్జర్ 67.2 దగ్గరికి రాగానే కరెంటును క్రమంగా తగ్గించుకుంటుంది. పాత ఛార్జర్ దృష్టిలో బ్యాటరీ ఇంకా నిండలేదు కనుక అది పూర్తి కరెంటును తోస్తూనే ఉంటుంది, చివరికి ఏదో ఒక సెల్ హద్దు దాటబోతుంటే ప్యాక్ లోపల సెల్‌లకు కాపలా కాసే బీఎంఎస్ అనే సర్క్యూటు దారి మూసేస్తుంది. అప్పుడు ఛార్జర్ మీద పచ్చదీపం వెలుగుతుంది, యజమాని అంతా సవ్యంగా ఉందనుకుంటాడు. ఆపదలో ఆదుకోవలసిన బీఎంఎస్ ఇలా రోజూ ఛార్జర్ పని చేయవలసి వస్తుంది. ఏదో ఒక రాత్రి అందులోని స్విచ్ అతుక్కుపోతే, ఇక ఆపేది ఏదీ ఉండదు.

ఖర్చు లెక్క కూడా ఇక్కడికే వస్తుంది. పొగ వచ్చిన ఆ బండి యజమాని లెడ్ యాసిడ్ సెట్టుకు 14 వేలు పెట్టారు, అది ఏడాదిన్నర నడిచింది. రోజూ లోతుగా ఖాళీ చేసి నింపితే అవి 300 నుంచి 400 ఛార్జింగ్‌ల వరకే నిలుస్తాయి. అదే లెక్కన ఐదేళ్లకు సుమారు 47 వేలు అవుతుంది, పాత సెట్ల తుక్కు ధర తీసివేస్తే ఇంకొంత తగ్గుతుంది. లిథియం ప్యాక్‌కు ఆయన 36 వేలు చెల్లించారు. అందులో లాభం మిగలాలంటే అది ఐదేళ్లు నడవాలి, తప్పుడు ఛార్జర్ తినేసేది సరిగ్గా ఆ ఐదేళ్లనే. కొత్త ఛార్జర్‌కు అడిగిన 3 వేలను ప్యాక్ ధరలో భాగంగానే లెక్కించుకోండి.

తిరగవేసినా తప్పే. లెడ్ యాసిడ్‌కు ఈ లిథియం ఛార్జర్ పెడితే ఒక్కో బ్యాటరీకి 13.4 వోల్టులే అందుతాయి. అది ఎన్నడూ పూర్తిగా నిండదు, పలకల మీద సల్ఫేటు పేరుకుని కొద్ది నెలల్లోనే చచ్చిపోతుంది. మంట భయం తక్కువే, డబ్బు మాత్రం పోతుంది.

ఇక ఇవి పాటించండి. ప్యాక్ చీటీ మీద పూర్తి ఛార్జింగ్ వోల్టేజీ చూసి, ఛార్జర్ అవుట్‌పుట్ దానికి సమానమో కాదో సరిపోల్చండి. లిథియంలోనే ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానికి అంకెలు వేరు, కాబట్టి "లిథియం ఛార్జర్" అన్న మాట ఒక్కటే చాలదు. చీటీ లేని ప్యాక్ కొనవద్దు. పిన్ను పట్టింది కదా అని పెట్టవద్దు. పక్కింటివారి ఛార్జర్ అడగవద్దు, మీది ఇవ్వవద్దు. ఎండలో తిరిగి వచ్చిన బండిని కనీసం అరగంట నీడలో చల్లారనివ్వండి, ఎందుకంటే 45 డిగ్రీలు దాటిన సెల్‌ను ఛార్జ్ చేయకూడదు. రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేయవద్దు. మెట్ల కింద, గ్యాస్ సిలిండర్ పక్కన, ఇంటి గుమ్మం దగ్గర ఛార్జ్ చేయవద్దు. ప్యాక్ ఉబ్బినా, తీపి వాసన వచ్చినా ఆ రోజే ఆపండి. పొగ వస్తే దగ్గరికి వెళ్లకండి, మనుషులను బయటికి పంపి 101కు ఫోన్ చేయండి. బ్యాటరీ రకం మార్చిన రోజే పాత ఛార్జర్‌ను ఇంట్లో నుంచి తీసివేయండి. అటక మీద దాచవద్దు, పిల్లలు ఏదో ఒక రోజు దాన్నే తీసి పెడతారు.