క్యారౌసెల్ పాఠాలు – 5: స్లైడ్‌లు చెప్పనిది క్యాప్షన్‌లో

గత భాగంలో ఇన్‌స్టాగ్రామ్ క్యారౌసెల్ కోసం, అంటే పక్కకు జరుపుతూ చూసే పోస్ట్ కోసం, ఏడు స్లైడ్‌లు సిద్ధం చేశాం. విషయం: ఫోన్ స్టోరేజ్ నిండితే ఏం చేయాలి. మొదటిది శీర్షిక, చివరిది ‘సేవ్ చేసుకోండి’. మధ్యలో ఐదు పనులు: పెద్ద వీడియోలు, వాట్సాప్ ఫైల్స్, వాడని యాప్‌లు, డౌన్‌లోడ్స్ తీసేయడం, యాప్ క్యాషే అనే తాత్కాలిక ఫైల్స్ క్లియర్ చేయడం.

ఇక్కడ చాలామంది ఆ ఐదు పనులనే నంబర్లు వేసి క్యాప్షన్‌లో దించేస్తారు. స్లైడ్‌లన్నీ చూసి వచ్చినవాళ్లకు అందులో కొత్తగా ఏమీ దొరకదు, రెండో లైన్‌కే వెళ్లిపోతారు.

ఒక్కో స్లైడ్ పక్కన మూడు ప్రశ్నలు రాసుకోండి. ఎందుకు? ఏది ముందు? ఎక్కడ దెబ్బతింటాం? స్లైడ్‌లో పట్టని జవాబు ఏదో ఒకటి తప్పక దొరుకుతుంది. మన పోస్టులో అది ఆరో స్లైడ్ దగ్గర ఉంది. దాన్నే పట్టుకుని రాస్తే ఇలా వస్తుంది:

“ఫోన్ స్టోరేజ్ కోసం క్యాషే క్లియర్ చేసేటప్పుడు పక్కనున్న ‘క్లియర్ డేటా’ నొక్కకండి. క్యాషే పోతే యాప్ మళ్లీ తయారు చేసుకుంటుంది. డేటా పోతే యాప్ కొత్తగా వేసుకున్నట్టే. వాట్సాప్‌లో బ్యాకప్ తీయని చాట్‌లు పోతాయి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ బటన్ పేరు ‘క్లియర్ స్టోరేజ్’. తొందరలో ఉంటే, phone storage full మెసేజ్ పోవాలంటే ముందుగా రెండో స్లైడ్‌లోని పని చేయండి. మీ ఫోన్‌లో ఎక్కువ చోటు ఆక్రమించింది ఏది: వీడియోలా, వాట్సాపా, గేమ్సా?”

హెచ్చరిక మొదటి లైన్‌లోనే ఉండటానికి కారణం ఉంది. ఫీడ్‌లో క్యాప్షన్ మొదటి ఒకటి రెండు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. మొత్తం హద్దు 2,200 క్యారెక్టర్లు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్కకొస్తాయి కాబట్టి కంటికి కనిపించేదానికంటే త్వరగా నిండుతుంది. అయినా మనకు అంత పొడవు అక్కర్లేదు.

కీవర్డ్‌లు అంటే వెతికేవాళ్లు టైప్ చేసే మాటలు. బొమ్మలోని అక్షరాల మీదే ఆధారపడకుండా వాటిని క్యాప్షన్‌లోనూ రాయాలి. పైన ‘ఫోన్ స్టోరేజ్’, ‘క్యాషే క్లియర్’, ‘వాట్సాప్’ వాక్యాల్లో కలిసిపోయాయి. తెలుగువాళ్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనూ వెతుకుతారు కాబట్టి ఫోన్ తెరమీద వచ్చే మాట ఒకటి అలాగే ఉంచాం. మూడు నాలుగు మాటలు చాలు. ఒకే మాట ప్రతి వాక్యంలో తగిలితే చదివేవాళ్లకు అది ప్రకటనలా వినిపిస్తుంది.

ఇక చివరి ప్రశ్న. ‘మీ అభిప్రాయం చెప్పండి’ అంటే జవాబు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఒక్క మాటలో చెప్పగలిగేది అడగండి. జవాబు స్లైడ్‌లలో ఉండకూడదు, చదివేవాళ్ల ఫోన్‌లో ఉండాలి. ‘క్యాషే అంటే ఏమిటో తెలుసా?’ అని అడిగితే అది పరీక్ష, దానికి పెద్దగా ఎవరూ పలకరు. రెండు ప్రశ్నలు పెడితే రెండింటికీ జవాబు రాదు.

పోస్ట్ చేసే ముందు స్లైడ్‌లు పక్కన పెట్టి క్యాప్షన్ ఒక్కటే చదవండి. విషయం ఏమిటో అర్థం కావాలి, కానీ ఐదు పనులూ తెలియకూడదు. తెలిసిపోతే ఏ వాక్యం స్లైడ్‌ని తిరిగి చెబుతోందో చూసి తీసేయండి.