డౌ థియరీ, 2వ పాఠం: ఒక ఇండెక్స్ చెప్పింది రెండోది ఒప్పుకుందా?

పోయిన పాఠంలో రోజువారీ క్లోజింగ్ ధరలతో లైన్ చార్టు గీసుకున్నాం కదా, ఆ చార్టు పక్కన పెట్టుకోండి. ఇవాళ ఒక్క సందర్భమే తీసుకుని దాన్ని చివరిదాకా నడిపిద్దాం: 2007లో అమెరికా మార్కెట్ పైనుంచి కిందికి తిరిగినప్పుడు డౌ థియరీ ఆ మలుపును ఎలా పట్టుకుంది, ఎంత ఆలస్యంగా పట్టుకుంది.

ముందు నేపథ్యం కొంచెం. ఛార్లెస్ డౌ ఈ సిద్ధాంతాన్ని పుస్తకంగా రాయలేదు. వాల్ స్ట్రీట్ జర్నల్‌లో సంపాదకీయాలు రాశాడు, 1902లో చనిపోయాడు. వాటిలోంచి నియమాలు ఏరి ఒక వరసలో పెట్టింది తర్వాతివాళ్లు, ముఖ్యంగా విలియం హామిల్టన్, రాబర్ట్ రియా. డౌ పోలిక ఒకటి మాత్రం గుర్తుపెట్టుకుంటే చాలు: సముద్రం పోటు మీద ఉందో ఆటు మీద ఉందో తెలియాలంటే ఇసుకలో కర్ర పాతి చూడాలి, అల ఎంతవరకు వచ్చిందో అక్కడ. తర్వాతి అలలు ఆ కర్రను దాటుతుంటే పోటు, దాటలేక వెనక్కి పోతుంటే ఆటు. పోటు, ఆటు అంటే ప్రైమరీ ట్రెండ్, సాధారణంగా ఏడాదీ అంతకుమించీ ఉంటుంది. అల అంటే సెకండరీ ట్రెండ్, ప్రైమరీకి ఎదురు నడిచే కరెక్షన్. ఇది మామూలుగా మూడు వారాల నుంచి మూడు నెలల దాకా ఉండి, అంతకుముందు నడిచిన దూరంలో మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా వెనక్కి తీసుకుంటుంది. ఇక రోజువారీ ఊగిసలాట ఉందే, నురుగు లాంటిది, దాన్ని వదిలేయండి (కొత్తవాళ్ల టెన్షన్ అంతా దాని మీదే ఉంటుంది, అది వేరే సంగతి).

సరే, చార్టులోకి వద్దాం. డౌ జోన్స్ ఇండస్ట్రియల్ యావరేజ్ 2007 మార్చి 5న 12,050.41 దగ్గర క్లోజ్ అయింది. అక్కణ్నించి ఎక్కుతూ ఎక్కుతూ జులై 19న 14,000.41కి చేరింది. అంటే 1,950 పాయింట్లు. ఆ తర్వాత పడటం మొదలై ఆగస్టు 16న 12,845.78 దగ్గర ఆగింది, అంటే 1,155 పాయింట్ల దాకా పోయాయి. లెక్క చూడండి, ఎక్కిన దాంట్లో 59 శాతం, పట్టిన సమయం సరిగ్గా నాలుగు వారాలు. రెండు కొలతలూ సెకండరీ పరిధిలోనే ఉన్నాయి కాబట్టి ఈ పతనాన్ని చూసి "బుల్ మార్కెట్ అయిపోయింది" అనడానికి లేదు. చేయాల్సిందల్లా కర్రలు పాతడం: పైన 14,000.41 దగ్గర ఒకటి, కింద 12,845.78 దగ్గర ఒకటి.

ఇక్కడ ఒక చిన్న విషయం మీద ఆగాలి. ఆ ఆగస్టు 16న ట్రేడింగ్ మధ్యలో ఇండెక్స్ 340 పాయింట్లకు పైగా పడి, సాయంత్రానికి దాదాపు మొత్తం కోలుకుని 16 పాయింట్ల నష్టంతో ముగిసింది. మీరు ఆ రోజు కనిష్ఠాన్ని కర్రగా పెట్టుకుంటే అది 300 పాయింట్లకు పైగా కిందికి పోతుంది, ఆ తర్వాత చదివేదంతా మారిపోతుంది. డౌ థియరీలో క్లోజింగ్ ధర ఒక్కటే లెక్క. నేను మొదట్లో క్యాండిల్ చార్టు మీద ఈ పని చేసి, వత్తుల చివర్లను పట్టుకుని గీతలు గీసి, చాలా నెలలు తప్పుడు సిగ్నల్స్ చూసుకున్నాను. అందుకే మీ చేత లైన్ చార్టు గీయించింది.

ఇప్పుడు రెండో ఇండెక్స్. డౌ కాలంలో అది రైల్వే కంపెనీల యావరేజ్, 1970 నుంచి ట్రాన్స్‌పోర్టేషన్ యావరేజ్ అయింది, విమానాలూ లారీలూ కూడా చేరాయి. జంట ఎందుకంటే ఫ్యాక్టరీలు సరుకు తయారు చేస్తే ఆ సరుకును ఎవరో ఒకరు మోయాలి. తయారుచేసేవాళ్ల షేర్లు కొత్త ఎత్తుకు పోతూ, మోసేవాళ్ల షేర్లు పోకపోతే ఎక్కడో లెక్క కుదరడం లేదు. ట్రాన్స్‌పోర్ట్స్ కూడా అదే జులై 19న 5,446.49 దగ్గర గరిష్ఠానికి చేరి, ఆగస్టులో పడ్డాయి. అంతవరకు రెండూ కలిసే ఉన్నాయి.

అక్టోబరు 9న ఇండస్ట్రియల్స్ 14,164.53 దగ్గర క్లోజ్ అయ్యాయి. పై కర్ర దాటింది, టీవీలో "కొత్త రికార్డు". కానీ ట్రాన్స్‌పోర్ట్స్ జులై గరిష్ఠానికి చాలా కిందే ఉండిపోయాయి. దీన్నే నాన్ కన్ఫర్మేషన్ అంటారు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: దీన్ని అమ్మకం సిగ్నల్ అనుకుంటారు. కాదు. ఒక ఇండెక్స్ చెప్పింది, రెండోది ఇంకా ఒప్పుకోలేదు, అంతే. ఇంత గడువులో ఒప్పుకోవాలన్న నియమం లేదు, ఒక్కోసారి వారాల తర్వాత వచ్చి కలుస్తుంది, అప్పుడు బుల్ ట్రెండ్ కొనసాగుతున్నట్టే. అప్పటిదాకా పాత ప్రైమరీ ట్రెండే అమల్లో ఉందని అనుకోవాలి. చేయగలిగిందల్లా కింది కర్రల మీద కన్నేసి ఉంచడం.

తర్వాత ట్రాన్స్‌పోర్ట్స్ తమ ఆగస్టు అడుగుకన్నా కిందికి క్లోజ్ అయ్యాయి. ఇండస్ట్రియల్స్ ఇంకా పైనే ఉన్నాయి కాబట్టి సగం పనే అయింది. నవంబరు 21న ఇండస్ట్రియల్స్ 12,799.04 దగ్గర ముగిశాయి. 12,845.78 కన్నా కేవలం 47 పాయింట్లు తక్కువ, కానీ తక్కువే. ఎంత తేడాతో దాటిందన్నది సిద్ధాంతం అడగదు. రెండు ఇండెక్సులూ తమ సెకండరీ అడుగులను క్లోజింగ్‌లో దాటాయి. కన్ఫర్మేషన్ వచ్చింది, ప్రైమరీ ట్రెండ్ కిందికి మారినట్టు లెక్క.

ఇప్పుడు దీని ఖరీదు చూద్దాం. 14,164 దగ్గర అమ్మినవాడు గొప్పవాడు, మీరు 12,799 దగ్గర తెలుసుకున్నారు, అంటే గరిష్ఠం నుంచి దాదాపు 9.6 శాతం అప్పటికే పోయింది. 2009 మార్చి 9న అదే ఇండెక్స్ 6,547.05 దగ్గర క్లోజ్ అయింది, అంటే సిగ్నల్ తర్వాత ఇంకో 49 శాతం. ఈసారి బాగా పనికొచ్చిందన్నమాట, కానీ ప్రతిసారీ ఇలా కలిసిరాదు. కొన్నిసార్లు సిగ్నల్ వచ్చే సరికి మార్కెట్ తన పతనం ముగించేసి పైకి తిరుగుతుంది, మీరు అడుగున అమ్మి పైన కొనుక్కుంటారు.

ఈ కేసులోనే అలాంటి భయం పుట్టించే ఘట్టం ఒకటుంది. నవంబరు 26న 12,743.44కి దిగిన ఇండస్ట్రియల్స్, డిసెంబరు 10 కల్లా 13,727.03కి లేచాయి. సిగ్నల్ నమ్మి అమ్మినవాడికి రెండు వారాల పాటు నిద్ర ఉండదు. అది బేర్ మార్కెట్‌లో వచ్చిన ఎదురు ర్యాలీ అని ఇప్పుడు చెప్పడం సులువు. నిజానికి కొలిస్తే సమయం రెండు వారాలే, మూడు వారాల కన్నా తక్కువ. అక్టోబరు గరిష్ఠం నుంచి పడిన దాంట్లో తిరిగొచ్చింది 69 శాతం, మూడింట రెండు వంతుల కన్నా కొంచెం ఎక్కువ. రెండు కొలతల్లోనూ సరిగ్గా అమరదు. అందుకే దేన్ని సెకండరీ అనాలి, దేన్ని నురుగు అనాలి అన్న దగ్గర ఇద్దరు అనుభవజ్ఞులు కూడా విభేదిస్తారు, సిగ్నల్ తేదీలూ మారుతుంటాయి. నా పద్ధతి ఏమిటంటే, సందేహం ఉన్న కదలికకు కర్ర పాతను.

ఈ వారం పని: చార్టు సైట్‌లో `^DJI`, `^DJT` అని కొట్టి, 2009 మార్చి 9 నుంచి జులై చివరిదాకా రెండింటి క్లోజింగ్ ధరలూ ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి గీయండి. మార్చి అడుగు నుంచి లేచిన ర్యాలీ, దాని తర్వాత వచ్చిన కరెక్షన్ కనిపెట్టి, ఎక్కిన పాయింట్లు, తిరిగిచ్చిన శాతం, పట్టిన వారాలు పక్కన రాసుకోండి. రెండు ఇండెక్సులూ తమ పై కర్రలను ఏ రోజున దాటాయో తేదీలు వేయండి, ఒకే రోజు కాకపోతే రెండూ వేయండి. వచ్చే పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడదాం.