లెక్కపెట్టకుండానే ‘నాలుగు’ అని చెప్పడం పిల్లలకు ఎలా నేర్పాలి?

అష్టాచెమ్మా ఆడేవాళ్లు గవ్వలు పడగానే “మూడు” అని కాయ జరిపేస్తారు. వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అని ఎవరూ లెక్కించరు. చూసీ చూడగానే ఎన్ని ఉన్నాయో తెలిసిపోవడాన్ని సబిటైజింగ్ అంటారు.

దీనికి ఒక హద్దుంది. 1871లో ఇంగ్లండ్ ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ నల్ల గింజలు పెట్టెలోకి విసిరి, ఒక్క చూపులో ఎన్ని పడ్డాయో అంచనా వేసి, తర్వాత లెక్కపెట్టి సరిచూసుకున్నాడు. వెయ్యికి పైగా సార్లు చేశాడు. మూడు, నాలుగు గింజలు పడ్డప్పుడు ఒక్కసారి కూడా తప్పు రాలేదు, ఐదు దగ్గర తప్పులు మొదలయ్యాయి. పెద్దవాళ్లకే ఇలా ఉంటే, పిల్లలతో నాలుగు వరకు ఒక పద్ధతి, ఆపైన ఇంకో పద్ధతి కావాలి.

1. కార్డులు చేయండి

పోస్టుకార్డు సైజు అట్టముక్కల మీద స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టండి. ఒకటి నుంచి నాలుగు వరకు ఒక్కో సంఖ్యకు మూడు నాలుగు కార్డులు ఉండాలి. ఒకదాంట్లో పాచిక మీద ఉన్నట్టు, ఒకదాంట్లో వరసగా, ఇంకోదాంట్లో చెల్లాచెదురుగా. కొన్నింట్లో చుక్కలు పెద్దవి, కొన్నింట్లో చిన్నవి. అన్నీ ఒకే సైజులో ఉంటే, ఎక్కువ నల్లగా కనిపించే కార్డుకు పెద్ద సంఖ్య చెప్పడం పిల్లలు త్వరగా పట్టేస్తారు.

2. చూపించి, దాచేయండి

ఒక సెకను, మహా అయితే రెండు సెకన్లు చూపించి కార్డు బోర్లించండి. “ఎన్ని కనిపించాయి?” అని అడగండి. కార్డు ఎదురుగానే ఉంటే ఏ పిల్లైనా లెక్కే పెడుతుంది. పెదవులు కదలడం, తల కొద్దికొద్దిగా ఊగడం చూశారంటే లోపల లెక్క నడుస్తోందని అర్థం. అప్పుడు కోప్పడకుండా ఒక చుక్క తక్కువున్న కార్డు తీసుకోండి. మూడేళ్ల పిల్లలకు రెండు, మూడు చాలు.

జవాబు వచ్చాక కార్డు తిప్పి ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి. ఈ చిన్న పని వదిలేయకండి. చాలామంది పిల్లలు “ఒకటి, రెండు, మూడు” అని చక్కగా లెక్కపెడతారు, “అయితే ఎన్ని?” అంటే మళ్లీ మొదలెడతారు. చివర పలికిన ‘మూడు’ మొత్తానికి పేరని వాళ్లకింకా తెలియదు. ముందే చూపుతో ‘మూడు’ అన్న పాప, లెక్కించాక కూడా మూడే వస్తే, ఆ రెండింటినీ కలుపుకుంటుంది.

3. ఐదు నుంచి ముక్కలుగా

నాలుగున్నరేళ్ల పాప అనుకుందాం. ఐదు చుక్కలు వరసగా ఉన్న కార్డు చూసి “నాలుగు” అంది. తప్పని చెప్పకుండా “ఎలా చూశావు?” అని అడగండి. “ఇటు రెండు, అటు ఇంకా ఉన్నాయి” అనొచ్చు. ఇప్పుడు ఇంకో కార్డు చూపండి. అందులోనూ అవే ఐదు, కానీ మూడు ఒక పక్క, రెండు ఒక పక్క, మధ్యలో వేలెడు ఖాళీ. “మూడు, రెండు... ఐదు!” అంటుంది. తర్వాతి కార్డుల్లో ఆ ఖాళీ తగ్గిస్తూ పోండి. చివరికి వరసగా ఉన్న ఐదులోనూ మూడూ రెండూ తనే విడదీసుకుని చూస్తుంది. కూడిక గుర్తు నేర్పకముందే కూడిక చేస్తోందన్నమాట.

ఇక్కడే పిల్లలు పెద్దవాళ్లను బాగా మోసం చేస్తారు, అది కూడా తెలియకుండానే. పాచిక మీద ఐదు చూసి ఠక్కున “ఐదు” అంటారు, మనం మురిసిపోతాం. ఒక కాగితం ఇచ్చి అదే బొమ్మ గీయమనండి. ఇంటూ ఆకారంలో తొమ్మిది చుక్కలు పెట్టారంటే, గుర్తున్నది ఆకారమే, సంఖ్య కాదు. అలాంటప్పుడు పాచిక కార్డులు కొన్నాళ్లు పక్కన పెట్టి చెల్లాచెదురు కార్డులతో ఆడించండి.

4. దాచిన పిక్కలు

ఐదు చింతపిక్కలు చూపించి, కొన్నింటిని గుప్పిట్లో దాచి, మిగతావి నేల మీద ఉంచండి. నేల మీద రెండుంటే, “గుప్పిట్లో ఎన్ని?” కార్డుల కంటే దీన్నే నేను ఎక్కువ ఆడించమంటాను. కనిపించని మూడుని ఊహించుకోవడమే తీసివేతకు మొదలు. మొదట్లో వేళ్లు చూసుకున్నా పర్లేదు.

5. పది గళ్లు

ఇది తేలికయ్యాక, పైన ఐదు, కింద ఐదు గళ్లు గీసి ఎడమ నుంచి పిక్కలు పేర్చండి. ఏడు అంటే పై వరస నిండి, కింద రెండు. ఎనిమిది పేర్చి ఒక్క క్షణం చూపించినప్పుడు, కొందరు పిక్కల వైపు చూడనే చూడరు, “రెండు ఖాళీ, ఎనిమిది” అంటారు. ఆ జవాబు వస్తే తొమ్మిదికీ ఆరుకీ అదే ప్రశ్న వేయండి: “ఖాళీ గళ్లెన్ని?”