బ్లూ టిక్ రాలేదా? మళ్లీ దరఖాస్తు పెట్టే ముందు ఆ ఐదు లింకులు చూసుకోండి

జనగామ వైపు నుంచి ఒక ఒగ్గు కథ కళాకారుడు ఈమధ్య హనుమకొండలో నన్ను కలిశారు. ఇన్‌స్టాగ్రామ్‌లో బ్లూ టిక్ కోసం పెట్టిన దరఖాస్తు తిరస్కరణకు గురైందట. ఆ మర్నాడే ఒక మధ్యవర్తి ఫోన్ చేసి, పదిహేను వేలు ఇస్తే లోపలి మనుషులతో చేయిస్తానన్నాడట. అప్పటికే మూడు వేలు పంపేశారు కూడా.

ముందుగా ఒక మాట. ప్రముఖులకు ఇచ్చే ఈ గుర్తింపుకు రుసుము లేదు. నెలనెలా డబ్బు కట్టే మెటా వెరిఫైడ్ వేరే పథకం, దాన్ని నేరుగా మెటా దగ్గరే కొనుక్కోవాలి. ఈ రెండింటిలో దేనికీ బయటివారి చేతికి డబ్బు ఇవ్వాల్సిన పని లేదు.

దరఖాస్తు సులువే. సెట్టింగుల్లోకి వెళ్లి Request verification తెరవాలి. పేరు, గుర్తింపు పత్రం, రంగం, దేశం నింపాలి. ఖాతా పబ్లిక్‌గా ఉండాలి, ఫొటో, పరిచయం ఉండాలి. ఇక్కడ తడబడేవారు తక్కువ. మన దగ్గర ఇబ్బంది పెట్టేది పేరు. గుర్తింపు కార్డులో ఇంటిపేరు ముందు, ఖాతాలో వేదిక మీది పేరు, చివర ‘అఫీషియల్’ అని ఒక తోక. పూర్తి పేరు గడిలో కార్డులో ఉన్నట్టే రాయండి. జనం పిలిచే పేరును Also known as గడిలో వేయండి.

అసలు చిక్కు చివరి భాగంలో ఉంది. మీ గురించి జనానికి ఆసక్తి ఉందని చూపే లింకులు ఐదు వరకు ఇవ్వమంటారు. ఫాలోవర్ల సంఖ్య దీనికి బదులు కాదు. మీ గురించి ఒకటికి మించి వార్తా సంస్థలు రాశాయా అన్నదే వారు చూస్తారు. డబ్బిచ్చి రాయించుకున్నవి, ప్రచార కథనాలు లెక్కలోకి రావని వారి నిబంధనల్లోనే ఉంది.

ఆయన ఇచ్చిన ఐదు లింకులూ వరుసగా తెరిచి చూశాం. మొదటిది సొంత యూట్యూబ్ ఛానల్. రెండోది అభిమానులు నడిపే పేజీ. మూడోది డబ్బు కట్టి వేయించుకున్న ‘విజయగాథ’, దాని అడుగున చిన్న అక్షరాల్లో ‘ప్రాయోజిత కథనం’ అని ఉంది. మిగిలిన రెండూ ఐనవోలు మల్లన్న జాతర సమయంలో జిల్లా పేజీల్లో వచ్చిన వార్తలు. ఇవి నిజమైనవే, ఆయనకు గర్వకారణం కూడా. కానీ ఒక ఈ-పేపర్ లింకు నొక్కితే లాగిన్ అడుగుతోంది. రెండోది తెరుచుకుంది, అయితే అది పేజీ మొత్తానికి బొమ్మ. ఆయన పేరు వెతికితే దొరకదు. పైగా అందులో ఉన్నది పదకొండు మంది కళాకారుల జాబితా, ఈయన పేరు ఏడోది. ఊళ్లో అందరికీ తెలిసిన మనిషి, కాగితం మీద మాత్రం ఎవరికీ తెలియనట్టే.

తిరస్కరణ సందేశంలో ఈ వివరాలేవీ ఉండవు. కాబట్టి మీరే పరీక్షించుకోండి. లాగిన్ కాని మరో ఫోనులో ప్రతి లింకూ తెరవండి. అక్షరాలుగా ఉన్న వార్త కనిపించాలి, దానిలో మీ పేరు ఉండాలి, వార్త మీ గురించే అయ్యుండాలి. ఒకే పత్రికా ప్రకటనను ఐదు సైట్లు వేస్తే దాన్ని ఐదుగా లెక్కించకండి. పత్రికలో కథనం వచ్చినప్పుడు, అది వెబ్‌సైట్‌లో కూడా పెడుతున్నారా, పేరు ఎలా రాశారు అని విలేకరిని అడగడంలో తప్పు లేదు. ఈయన పేరును మూడు చోట్ల మూడు రకాలుగా రాశారు.

తిరస్కరించాక 30 రోజులకు మళ్లీ పెట్టుకోవచ్చు. నిర్ణయం రాకముందే ఇంకోసారి పంపితే మొదటిది రద్దవుతుంది. ఈ గడువులో ‘మీ అప్పీలు ఆమోదించాం, ఫోనుకు వచ్చిన కోడ్ చెప్పండి’ అంటూ సందేశాలు రావచ్చు. ఆ కోడ్ చెబితే టిక్ మాట అటుంచి ఖాతాయే పోతుంది. ఈమెయిల్ మీద అనుమానం ఉంటే, ఇన్‌స్టాగ్రామ్ ఇటీవల పంపిన మెయిళ్ల జాబితా యాప్ భద్రతా సెట్టింగుల్లోనే ఉంటుంది. అందులో లేకపోతే దాన్ని పక్కన పడేయండి.

ఈయన గడువు వచ్చే వారం తీరుతుంది. ఇప్పటికి సరైన లింకు ఒక్కటే చేతికి వచ్చింది, ఆయన కథా విధానం మీద ఒక వార్తా సైట్ రాసిన కథనం. గడువు తీరిన రోజునే పెట్టేద్దామని ఆయన పట్టు. సంక్రాంతికి ఐనవోలు జాతర ఉంది కదా, మరో రెండు కథనాలు వచ్చేదాకా ఆగమని నేను. పంపిన మూడు వేలు మాత్రం తిరిగి రాలేదు, ఆ నంబరు ఇప్పుడు మోగడం లేదు.