జుట్టు చుట్టూ తెల్లటి గీత లేకుండా కటౌట్ చేయడం ఎలా?

తెల్లగోడ ముందు నిలబడిన మనిషి ఫొటో ఉంది. గోడ తీసేసి, ఆ మనిషిని ముదురు నీలం పోస్టర్ మీద పెట్టాలి. గోడ పోయింది, మనిషి పోస్టర్ మీదకి వచ్చాడు, కానీ జుట్టు చుట్టూ సన్నటి తెల్లగీత మిగిలిపోయింది. మనిషిని కాగితం మీద నుంచి కత్తిరించి అతికించినట్టే కనబడుతుంది. నా మొదటి పోస్టర్ ఇలాగే అచ్చయింది. నా తెర మీద వెనక గళ్ల నేపథ్యం ఉండటంతో ఆ గీత నాకు కనిపించనే లేదు.

ఈ గీత ఎందుకొస్తుందో తెలిస్తే దాన్ని తీసే దారీ తెలుస్తుంది. దానికి ముందు ఆల్ఫా చానెల్ అంటే ఏమిటో చూడాలి.

ఒక పిక్సెల్‌లో నాలుగో అంకె

మామూలు ఫొటోలో ప్రతి పిక్సెల్‌కి మూడు అంకెలు ఉంటాయి. అవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత అని చెబుతాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా ఉంటుంది. ఆల్ఫా చానెల్ అంటే వీటి పక్కన చేరే నాలుగో అంకె. అది రంగు గురించి ఏమీ చెప్పదు. ఈ పిక్సెల్ కిందున్నదాన్ని ఎంత కప్పుతుందో మాత్రమే చెబుతుంది. 255 అయితే పూర్తిగా కప్పేస్తుంది, 0 అయితే అసలు కప్పదు, 128 అయితే దాదాపు సగం కప్పుతుంది. 1970ల చివర్లో ఎడ్ క్యాట్మల్, ఆల్వీ రే స్మిత్ ఈ ఆలోచనకి ఓ రూపమిచ్చారు. రెండు బొమ్మల్ని కలిపే సూత్రంలో వాడే గ్రీకు అక్షరమే దీనికి పేరయింది.

ఆ సూత్రం ఇంతే:

```
ఫలితం = పై రంగు × α + కింద రంగు × (1 − α)
```

ఇక్కడ α ని 0 నుంచి 1 దాకా తీసుకోవాలి. అంటే 255 ని 1 అనీ, 128 ని సుమారు 0.5 అనీ అనుకోవాలి.

మరి ఈ సగాలూ పావులూ ఎందుకు? ఉన్నది ఉంటుంది, లేనిది లేదు అని ఊరుకోవచ్చు కదా? ఊరుకుంటే అంచు మెట్లుమెట్లుగా వస్తుంది. పిక్సెల్ ఒక చిన్న గడి. వెంట్రుక ఆ గడుల మధ్య గీత చూసుకుని ఆగదు. ఒక గడిలో సగం వెంట్రుక, సగం గోడ పడితే కెమెరా ఆ రెండింటినీ కలిపి ఒకే రంగుగా రాస్తుంది. ఆ గడిని పూర్తిగా ఉంచితే గోడ కూడా వచ్చేస్తుంది, పూర్తిగా తీసేస్తే వెంట్రుక తెగిపోతుంది. సగం ఉంచితేనే అంచు మెత్తగా కనబడుతుంది. ఇక్కడ పారదర్శకత అంటే వెంట్రుక గాజులా ఉందని కాదు, ఆ గడిలో వెంట్రుక ఆక్రమించిన వాటా అంతేనని.

తెల్లగీత ఎక్కడి నుంచి వస్తుంది

రంగుల్ని పక్కన పెట్టి ఒక్క వెలుగు అంకెతో లెక్క వేద్దాం. జుట్టు 40, గోడ 255, పోస్టర్ 20 అనుకోండి. సగం జుట్టు, సగం గోడ పడిన పిక్సెల్ ఫొటోలో సుమారు 148 గా ఉంటుంది. దానికి ఆల్ఫా సగం ఇచ్చాం. లెక్క సరిగ్గానే ఉందనిపిస్తుంది. పోస్టర్ మీద పెడితే మాత్రం:

```
148 × 0.5 + 20 × 0.5 = 84
```

నిజానికి అక్కడ రావాల్సింది జుట్టు 40 లో సగం, పోస్టర్ 20 లో సగం కలిపి 30. అంటే 84 అక్కడ వెలిగిపోతుంది. ఎందుకంటే 148 అనే రంగులో గోడ తెలుపు ముందే కలిసిపోయి ఉంది. ఆల్ఫా తగ్గించినా ఆ తెలుపు రంగులోంచి పోదు. ఆ పిక్సెల్‌లో ఆల్ఫా సరైనదే, తప్పు రంగులో ఉంది. చాలామంది ఈ తేడా గమనించక అంచుని ఇంకా ఇంకా మెత్తబరుస్తూ పోతారు. దాంతో గీత పోకుండా వెడల్పవుతుంది.

అందుకే పని రెండు భాగాలు: ఒకటి సరైన ఆల్ఫా, రెండోది గోడ కలవని రంగు. దీనికి జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడదాం. వేరే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా మాస్క్ ఉంటే పద్ధతి ఇదే.

1. పొరలు సిద్ధం చేయండి

ఫొటో తెరిచి `Layer > Transparency > Add Alpha Channel` నొక్కండి. దాని కింద ఇంకో కొత్త పొర పెట్టి పోస్టర్ రంగుతో నింపండి. పని చేస్తున్నంతసేపూ అంచుని ఈ రంగు మీదే చూడండి. జింప్ చూపించే బూడిద గళ్లని నమ్మకండి. ఆ గళ్ల మధ్య తెల్లగీత సులువుగా దాక్కుంటుంది.

2. ఫొటోనే మాస్క్‌గా మార్చండి

మాస్క్ అంటే ఆల్ఫాకి గీసిన బొమ్మ అనుకోండి. తెలుపున్నచోట కనబడుతుంది, నలుపున్నచోట దాగుతుంది, బూడిద రంగున్నచోట కొంత కనబడుతుంది. చేత్తో గీత గీసి ఎంచుకునే లాసోతో జుట్టు చుట్టూ గీస్తే ఒక్కో వెంట్రుకని పట్టుకోలేం. మన ఫొటోలో మాత్రం ఒక అదృష్టం ఉంది. జుట్టు ముదురు, గోడ లేత. ఏ పిక్సెల్‌లో ఎంత జుట్టుందో ఆ ముదురుతనమే చెబుతోంది.

ఫొటో పొర మీద `Layer > Mask > Add Layer Mask` నొక్కి, `Grayscale copy of layer` ఎంచుకుని, `Invert mask` దగ్గర టిక్ పెట్టండి. వెలుగు తలకిందులవుతుంది. గోడ 255 కాస్తా 0 అయి దాగిపోతుంది. జుట్టు 40 కాస్తా 215 అవుతుంది. సగం సగం ఉన్న 148 పిక్సెల్ 107 దగ్గర నిలుస్తుంది.

3. మాస్క్‌ని సాగదీయండి

ఇప్పుడు జుట్టు 215 దగ్గరే ఆగింది, అంటే వెనక నుంచి పోస్టర్ కొంచెం కనబడుతోంది. పొరల ప్యానెల్‌లో మాస్క్ బొమ్మ మీద నొక్కి, `Colors > Levels` తెరిచి, ఇన్‌పుట్ తెలుపు విలువని 255 నుంచి 215 కి దించండి. దాంతో 215 పూర్తి 255 అవుతుంది. 107 ఏమవుతుందో చూడండి:

```
107 ÷ 215 × 255 ≈ 127
```

సరిగ్గా సగం. ఆ గడిలో జుట్టు ఎంతుందో అంతే ఆల్ఫా వచ్చింది, మనం ఒక్క వెంట్రుకని కూడా గీయకుండానే.

మీ ఫొటోలో అంకెలు వేరుగా ఉంటాయి. గోడ ఎక్కడా అచ్చం 255 ఉండదు, మూలల్లో నీడ ఉంటుంది. మాస్క్‌లో గోడ పూర్తిగా నల్లబడకపోతే ఇన్‌పుట్ నలుపు విలువని కొంచెం పెంచండి. మరీ పెంచితే సన్నటి వెంట్రుకలు ముందుగా మాయమవుతాయి, అదే గుర్తు. `Layer > Mask > Show Layer Mask` పెట్టి చూస్తే రెండూ స్పష్టంగా తెలుస్తాయి. ఇంకో మాట: ఫైల్‌లో ఉండే అంకెలు నిజమైన కాంతికి నేరుగా నిష్పత్తిలో ఉండవు, కాబట్టి పైన వేసిన సగాల లెక్క ఒక అంచనాయే. చివరి మాట తెర మీద అంచుదే.

4. లోపలి భాగాన్ని పూడ్చండి

ముఖం లేతగా ఉంటుంది కాబట్టి ఈ మాస్క్‌లో అది బూడిద రంగులోకి మారి, ముఖంలోంచి పోస్టర్ కనబడుతుంది. కంగారు పడొద్దు. మాస్క్ ఎంచుకుని ఉండగానే తెల్ల బ్రష్‌తో ముఖం, మెడ, బట్టలు పూసేయండి. భుజాల్లాంటి గట్టి అంచులకి మాత్రం వెలుగు మాస్క్ పనికిరాదు. అక్కడ లాసోతో ఎంచుకుని, `Select > Shrink` తో 1 పిక్సెల్ లోపలికి తెచ్చి, `Select > Feather` లో 2 పిక్సెళ్లు పెట్టి, ఆ ఎంపికని మాస్క్‌లో తెలుపుతో నింపండి. ఫెదర్ అంటే ఎంపిక అంచుని మెత్తబరచడం. అది గీతకి రెండు వైపులా పాకుతుంది. ముందు లోపలికి తేకపోతే బయటి సగం గోడని కూడా పట్టుకొస్తుంది.

ఫెదర్ ఎంత పెట్టాలన్నది ఊహించక్కర్లేదు. ఫొటోని 800 శాతం పెద్దది చేసి, బట్ట రంగు గోడ రంగులోకి మారడానికి ఎన్ని పిక్సెళ్లు పడుతోందో లెక్కపెట్టండి. ఫోకస్ బాగున్న చోట రెండు మూడు ఉంటాయి, మసకబారిన చోట పది కూడా ఉండొచ్చు. ఫొటోలోని అంచుకన్నా కటౌట్ అంచు మెత్తగా ఉంటే మనిషి చుట్టూ పొగ చుట్టినట్టుంటుంది.

5. అంచులోంచి గోడ రంగు తీసేయండి

చాలామంది వదిలేసే అంచె ఇది. ఆల్ఫా ఇప్పుడు సరిగ్గా ఉంది, రంగు మాత్రం ఇంకా ఆ పాత 148 యే. మాస్క్ వేరుగా ఉండటం ఇప్పుడు కలిసొస్తుంది. మాస్క్ మీద కాకుండా ఫొటో బొమ్మ మీద నొక్కండి. డ్రాపర్ లాంటి `Color Picker` తో దగ్గర్లోని జుట్టు రంగు తీసుకుని, మెత్తటి బ్రష్‌తో జుట్టు అంచుల మీద నేరుగా పూయండి. గోడ మీద పడినా ఫరవాలేదు, అక్కడ మాస్క్ నలుపే కదా. 148 స్థానంలో 40 వచ్చింది, పోస్టర్ మీద ఫలితం 30 అయింది. వెంట్రుకల ఆకారం మాస్క్‌లో ఉంది కాబట్టి పూసిన రంగు ముద్దలా కనిపించదు. తల మధ్యలోకి మాత్రం వెళ్లకండి, అక్కడి మెరుపు పోతుంది.

ఈ శ్రమ వద్దనుకుంటే `Colors > Color to Alpha` లో తెలుపు ఇవ్వొచ్చు. అది గోడ తెలుపుని లెక్క కట్టి విడదీస్తుంది. కాకపోతే అది ఆల్ఫాని ఎంత తగ్గించగలదో అంత తగ్గిస్తుంది. మన 148 ని 40, సగం అని కాకుండా 0, సుమారు 42 శాతం అని తేలుస్తుంది. గీత పోతుంది, అంచు కాస్త నల్లబడుతుంది. ముఖానికి వాడితే ముఖమే పల్చబడుతుంది. అందుకే ఎంచుకున్న అంచు భాగానికే వాడాలి. ఆ భాగంలో మాస్క్‌ని ముందు తెలుపుతో నింపాలి, లేకపోతే ఆల్ఫా రెండుసార్లు తగ్గుతుంది.

6. సేవ్ చేసేటప్పుడు

`File > Export As` లో పేరు చివర `.png` రాయండి. దానికి ముందు కింద పెట్టిన పోస్టర్ రంగు పొరని దాచండి, లేకపోతే అది కూడా బొమ్మలో కలిసిపోతుంది. పీఎన్‌జీ ప్రతి పిక్సెల్‌కీ పూర్తి ఆల్ఫా ఉంచుకుంటుంది. జేపెగ్‌లో ఆల్ఫా ఉండదు, నేపథ్యం ఏదో ఒక రంగుతో నిండిపోతుంది. జిఫ్‌లో పిక్సెల్ ఉండటమో లేకపోవడమో రెండే దారులు, మీరు కష్టపడ్డ మెత్తదనమంతా మళ్లీ మెట్లవుతుంది. మాస్క్ విడిగా ఉండాలంటే జింప్ సొంత ఫార్మాట్‌లో కూడా ఒక కాపీ పెట్టుకోండి. పీఎన్‌జీలో మాస్క్ ఆల్ఫాలో కలిసిపోతుంది, తర్వాత విడదీయడం ఇబ్బంది.

పూర్తయ్యాక ఆ పీఎన్‌జీని ఒకసారి నలుపు మీద, ఒకసారి తెలుపు మీద, ఒకసారి ముదురు ఎరుపు మీద పెట్టి అసలు సైజులోనే చూడండి. నలుపు మీద లేత గీత కనబడితే అంచె 5 లో ఆ చోటు వదిలేశారు. తెలుపు మీద నల్లటి అంచు కనబడితే రంగు మరీ ముదురుగా పూశారు. ఎరుపు మీద జుట్టు మధ్యలో ఎర్రటి మచ్చలు కనబడితే, మాస్క్ లోపల ఇంకా బూడిద రంగు మిగిలి ఉంది.

ముదురు గోడ ముందు నల్లజుట్టు ఉన్న ఫొటోకి మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. వెలుగులో తేడా లేనప్పుడు మాస్క్‌కి పునాది ఉండదు. అప్పుడు వెంట్రుకల్ని మాస్క్ మీద సన్నటి బ్రష్‌తో చేత్తో గీయాలి, లేదా ఇంకో ఫొటో తీయించుకోవాలి.